డెమో అడిగేటప్పుడే పరీక్ష పేపర్ పంపండి: బరంపురం మందుల కొట్టు లెక్క

బరంపురంలో మా బాబాయిది మందుల హోల్‌సేల్ కొట్టు, లెక్కలు నేను చూస్తాను. సరుకులో సగం పైన గంజాం, గజపతి జిల్లాల మెడికల్ షాపులకి పోతుంది, మిగతాది గిరిసోల దాటి ఇచ్ఛాపురం, సోంపేట వైపు. అంటే ఒకే రోజు ఒకే కౌంటర్ మీద ఒడిశా పార్టీకి సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ వేసిన బిల్లూ, ఆంధ్రా పార్టీకి ఐజీఎస్‌టీ వేసిన బిల్లూ కొడతాం. పార్టీ జీఎస్‌టీ నంబర్ 21తో మొదలైతే ఒడిశా, 37తో మొదలైతే ఆంధ్రా, ఇది మా కౌంటర్ కుర్రాళ్ళకి నోటికి వచ్చు.

మూడేళ్ళ క్రితం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చాం. అమ్మకానికి వచ్చినతను లాప్‌టాప్ తెరిచి నలభై నిమిషాలు చూపించాడు, చాలా బాగా చూపించాడు, బిల్లు టకటకా పడుతోంది, స్టాక్ రంగు రంగుల గ్రాఫుల్లో కనిపిస్తోంది. మేం అడిగినవన్నీ "ఉందా" అనే ప్రశ్నలే. ఎక్స్‌పైరీ ఉందా, ఉంది సార్. స్కీములు ఉన్నాయా, ఉన్నాయి సార్. రిటర్నులు ఉన్నాయా, ఉన్నాయి సార్. అతను అబద్ధం చెప్పలేదు, అన్నీ ఉన్నాయి నిజంగానే. మూడు వారాల తర్వాత మొదటి పార్టీ మందులు వెనక్కి పంపినప్పుడు తెలిసింది, రిటర్ను ఉండడం వేరు, మా రిటర్ను సరిగ్గా పడడం వేరు అని. ఫోన్ చేస్తే "దానికి కస్టమైజేషన్ సార్, వేరే ఛార్జి" అన్నారు. ఆ తర్వాత చాలా నెలలు రిటర్నులన్నీ పక్కన నోట్‌బుక్కులో చేత్తో వేసుకుని, సాఫ్ట్‌వేర్‌లో మొత్తం మాత్రం దిద్దుకుంటూ వచ్చాను.

ఈమధ్య మళ్ళీ మార్చాల్సి వచ్చింది. ఈసారి డెమో అడిగే మెయిల్లోనే, మేం దేన్ని బట్టి తేల్చుకుంటామో రాసి పంపాం. ఆ మెయిల్లో ఏం రాయాలి, ఏం రాయకూడదు అన్నదే ఇక్కడ చెప్పాలనుకున్నది, ఎందుకంటే చాలామంది ప్రమాణాల జాబితా అంటే ఫీచర్ల జాబితా అనుకుంటారు. ఇంటర్నెట్‌లో దొరికే యాభై లైన్ల చెక్‌లిస్టు దించి పంపిస్తారు, వెండర్ యాభై లైన్లకీ "ఎస్" అని టిక్కు కొట్టి తిరిగి పంపిస్తాడు, అక్కడికి మనం మళ్ళీ మొదటికే వచ్చినట్టు.

ప్రమాణం అంటే ఒక పని. ఫలానా సరుకు, ఫలానా పార్టీ, ఫలానా తేదీ ఇచ్చి, ఈ పని చేసి చూపించండి, చివర్లో ఈ అంకె రావాలి అని చెప్పడం. అంకె ముందే మన దగ్గర రాసి ఉండాలి, అది మన ఆడిటర్ చూసి సరే అన్న అంకె అయి ఉండాలి.

మా మెయిల్లోని ఒక పనిని పూర్తిగా చెప్తాను, దాన్ని చూస్తే మిగతావి ఎలా రాయాలో తెలిసిపోతుంది.

మందుల వ్యాపారంలో పదికి ఒకటి ఫ్రీ అనే స్కీము మామూలు. 10 స్ట్రిప్పులు కొంటే 11 వెళ్తాయి, బిల్లు 10కే. స్ట్రిప్పు రేటు పన్ను కాకుండా 66 రూపాయలు అనుకోండి, బిల్లు 660, చేతికి వెళ్ళింది 11. ఆ పార్టీ 5 స్ట్రిప్పులు వెనక్కి పంపిస్తే ఎంత ఇవ్వాలి? ఒక్కోటీ 66 చొప్పున ఇస్తే 330. కానీ ఫ్రీగా వెళ్ళిన దాన్ని కూడా కలిపి చూస్తే ఒక్కో స్ట్రిప్పు అసలు పడింది 660ని 11తో భాగిస్తే వచ్చే 60 రూపాయలకి. కాబట్టి మా కొట్టు లెక్కలో ఇవ్వాల్సింది 300. కొన్ని కొట్లలో ఫ్రీ సరుకు ముందు వెనక్కి తీసుకుని తర్వాతే డబ్బు ఇస్తారు, అలాంటి పద్ధతి మీదైతే మీ అంకె వేరే వస్తుంది, ఏదైనా ముందే రాసి పెట్టుకోవడం ముఖ్యం.

ఇప్పుడు దీని మీద రెండో ముడి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ పార్టీ ఈ మందు కొన్నది ఆగస్టులో, 12 శాతం బిల్లు మీద. వెనక్కి పంపింది జనవరిలో. క్రెడిట్ నోట్ అసలు బిల్లుని సరిదిద్దే కాగితం కాబట్టి పన్ను కూడా ఆ బిల్లులో ఉన్న రేటుకే తగ్గాలి, అంటే 12 శాతానికే. 300 మీద 36, మొత్తం 336.

మూడో ముడి సరిహద్దు. పార్టీ ఇచ్ఛాపురంది, కాబట్టి ఆ 36 మొత్తం ఐజీఎస్‌టీగా పడాలి. అదే పార్టీ ఛత్రపురంది అయితే 18 సీజీఎస్‌టీ, 18 ఎస్‌జీఎస్‌టీ.

ఈ ఒక్క పని ఇస్తే సాఫ్ట్‌వేర్ నుంచి ఏ అంకె వచ్చినా అది ఏదో ఒకటి చెప్తుంది. 336 వస్తే అన్నీ సరే. 315 వచ్చిందంటే స్కీము సరిగ్గా చూసింది కానీ పాత బిల్లు రేటు కాకుండా ఈరోజు రేటు వేసింది, అంటే క్రెడిట్ నోట్ పాత బిల్లుకి అతుక్కోలేదు. 369 రూపాయల 60 పైసలు వస్తే పాత బిల్లు పట్టుకుంది, కానీ ఫ్రీ సరుకు దానికి తెలియదు. 346.50 వస్తే రెండూ తప్పే. ఒక్క అంకె చూసి లోపల ఏం జరుగుతోందో చెప్పేయొచ్చు, వెండర్‌తో వాదన అక్కర్లేదు. "ఉందా" అని అడిగితే ఈ నాలుగు సాఫ్ట్‌వేర్లూ "ఉంది" అనే చెప్తాయి.

మీది మందుల కొట్టు కాకపోవచ్చు, జీడిపప్పు కావచ్చు, బట్టలు కావచ్చు, రాయగడలో ఎరువుల డిపో కావచ్చు. మీ వ్యాపారంలో ఇలాంటి ముడులు పడే చోటు ఒకటి ఉంటుంది, పాత సాఫ్ట్‌వేర్ పక్కన మీరు నోట్‌బుక్కో ఎక్సెల్ షీటో పెట్టుకుని చేత్తో దిద్దుకుంటున్న చోటు అదే. పరీక్ష అక్కడినుంచే తీయాలి. మామూలు బిల్లు కొట్టడాన్ని ప్రమాణంగా పెట్టకండి, అది అందరికీ వచ్చు, దాని మీద డెమో టైమంతా పోతుంది.

మేం మొత్తం ఆరు పనులే రాశాం. మొదట పద్దెనిమిది రాశాను, బాబాయి చూసి "ఒరేయ్, ఇన్ని చూపించాలంటే వాడు ఇక్కడే కాపురం పెట్టాలిరా" అన్నాడు, ఆయన మాట నిజం. గంటన్నర డెమోలో, మొదట పదినిమిషాలు పరిచయాలకీ చివర ఇరవై నిమిషాలు ప్రశ్నలకీ పోతే, మిగిలేది గంట. పనికి పది నిమిషాలు. అంతకంటే ఎక్కువ పెడితే వెండర్ ఒక్కోదాన్నీ పైపైన తాకి వెళ్ళిపోతాడు, మళ్ళీ "ఉంది సార్" దగ్గరికే వస్తాం.

మెయిల్ ఇలా వెళ్ళింది, కొంచెం కుదించి ఇస్తున్నాను:

"నమస్కారం. బరంపురంలో మాది మందుల హోల్‌సేల్. నాలుగు కంప్యూటర్లు, సుమారు తొమ్మిది వేల ఐటెమ్‌లు, ఒడిశా, ఆంధ్రా రెండు రాష్ట్రాల పార్టీలు. మీ సాఫ్ట్‌వేర్ డెమో కావాలి, 90 నిమిషాలు. జతచేసిన ఎక్సెల్ ఫైల్లో 20 ఐటెమ్‌లు, 5 పార్టీలు, 40 లైన్ల ఓపెనింగ్ స్టాక్ ఉన్నాయి. డెమో ఈ డేటా మీదే చేయాలి. చూడాల్సిన ఆరు పనులు కింద రాశాం. వీటిలో మొదటి మూడు తప్పనిసరి, ఏ ఒక్కటి కాకపోయినా మేం ముందుకు వెళ్ళలేం, కాబట్టి ఇప్పటికే కాదని తెలిస్తే డెమోకి ముందే చెప్పండి, ఇద్దరికీ టైం మిగులుతుంది. మీరు ధర చెప్పబోయే ఎడిషన్ మీదే చూపించండి. డెమోలో మా కౌంటర్ మనిషి కీబోర్డు మీద కూర్చుంటారు."

తప్పనిసరివి: పైన చెప్పిన రిటర్ను ఒకటి. రెండోది, లైసెన్స్ గడువు దాటిన పార్టీకి బిల్లు కొట్టబోతే ఆపాలి, ఎందుకంటే మేం అమ్మేది మందులు, కొనేవాడికి డ్రగ్ లైసెన్స్ ఉందో లేదో చూసుకోవాల్సిన బాధ్యత మాది. మూడోది, బ్యాచ్, ఎక్స్‌పైరీతో సహా మొత్తం స్టాక్‌ని మా ముందే ఎక్సెల్‌లోకి దింపి ఆ ఫైలు మాకు ఇవ్వాలి. ఈ మూడోది చాలామంది అడగరు. కొనేటప్పుడు వదిలిపోయే రోజు గురించి ఎవరూ ఆలోచించరు మరి. మా పాత సాఫ్ట్‌వేర్ నుంచి స్టాక్ బయటికి తీయడానికి పీడీఎఫ్ తప్ప దారి లేదు, తొమ్మిది వేల ఐటెమ్‌లు పీడీఎఫ్‌లోంచి ఎక్సెల్‌లోకి ఎక్కించడానికి నేనూ మా చెల్లెలూ రెండు ఆదివారాలు కూర్చున్నాం.

మిగతా మూడూ మార్కులు వేసి పోల్చే పనులు. ఒకే మందు మూడు బ్యాచ్‌లు ఉంటే ఎక్స్‌పైరీ ముందున్నది ముందు రావాలి, కానీ పార్టీ "ఆరు నెలలు తగ్గకుండా ఇవ్వండి" అంటే ఒక్క కీతో దాన్ని దాటి తర్వాతి బ్యాచ్‌కి వెళ్ళగలగాలి. బిల్లు కొడుతుండగా నెట్ పీకేస్తే ఏమవుతుందో చూడాలి. మా 40 లైన్ల ఓపెనింగ్ స్టాక్ లోపలికి ఎక్కించాలి.

ఆ చివరిదాంట్లో ఒక కిటుకు ఉంది. 40 లైన్లలో నాలుగు కావాలనే చెడగొట్టి పెట్టాం. ఒకదాంట్లో ఎక్స్‌పైరీ నెల 13, ఒకదాంట్లో బ్యాచ్ నంబర్ ఖాళీ, ఒకదాంట్లో అమ్మకం రేటు ఎమ్మార్పీ కన్నా ఎక్కువ, ఒకటి అదే లైను రెండుసార్లు. నిజం డేటా ఇలాగే ఉంటుంది కదా, ఎక్కడా శుభ్రంగా ఉండదు. మంచి సాఫ్ట్‌వేర్ 36 ఎక్కించి, నాలుగింటికీ ఏ లైన్లో ఏం తప్పో చెప్పి ఆపుతుంది. కొన్ని మొత్తం 40ని నిశ్శబ్దంగా మింగేస్తాయి, ఇంకొన్ని మొదటి తప్పు దగ్గరే ఆగిపోయి "ఇంపోర్ట్ ఫెయిల్డ్" అని ఊరుకుంటాయి. మింగేసేదే ఎక్కువ ప్రమాదం, ఆ తప్పు ఆరు నెలల తర్వాత ఏదో బిల్లులో బయటపడుతుంది, అప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు.

డేటా పంపేటప్పుడు పార్టీల అసలు పేర్లు, ఫోన్ నంబర్లు పంపకండి. "పార్టీ ఇచ్ఛాపురం 1" అని పెడితే చాలు. కొనుగోలు రేట్లు కూడా మార్చి పంపండి, మీ మార్జిన్ ఎంతో బయటివాళ్ళకి తెలియాల్సిన పని లేదు, లెక్క మాత్రం అలాగే ఉండాలి.

ప్రమాణాలు ముందే చెప్పేస్తే వెండర్ వాటికి మాత్రం తయారై వస్తాడు కదా, అసలు రూపం ఎలా తెలుస్తుంది అని మా బాబాయి అడిగాడు, చాలామంది ఇదే అడుగుతారు. తయారై రావాలనే కదా మనం పంపేది. తయారవకుండా వచ్చినవాడు తడబడితే అది సాఫ్ట్‌వేర్ తప్పో మనిషి తప్పో తేల్చలేం. తయారై కూడా చేయలేకపోతే, ఇక అది కాదనే అర్థం. కాకపోతే ఒక జాగ్రత్త తీసుకోవాలి. పని ముందే చెప్పండి, అంకెలు మాత్రం ఆ రోజు మార్చండి. 5 స్ట్రిప్పుల బదులు 7 వెనక్కి వచ్చాయి అనండి. 7 ఇంటూ 60 అంటే 420, 12 శాతం 50 రూపాయల 40 పైసలు, మొత్తం 470.40. ఇది మన కాగితం మీద ముందే ఉండాలి. మాకు డెమో ఇచ్చినవాళ్ళలో ఒకతను రిటర్ను స్క్రీన్ దగ్గరికి వచ్చేసరికి 336 అని ఉన్న రెడీ ఎంట్రీ తెరిచాడు. "ఏడు చేసి చూపించండి" అన్నాం. కౌంటర్ కుర్రాడు 7 కొట్టి ఎంటర్ నొక్కితే 485 రూపాయల 10 పైసలు వచ్చింది. 462 మీద 5 శాతం. అంటే 66 చొప్పున, ఇప్పటి రేటుకి. ముందటి 336ని మొత్తం దగ్గర చేత్తో దిద్ది పెట్టారని అర్థమైంది. అతన్ని నేను తప్పు పట్టను, మెయిల్ చూసి ఆఫీసులో ఎవరో అలా చేసి ఇచ్చి ఉంటారు, అతను కూడా స్క్రీన్ వైపు కాసేపు అలాగే చూశాడు.

ఏం చెప్పకూడదు అంటే, బడ్జెట్ ఎంతవరకో, ఏ పనికి ఎన్ని మార్కులో చెప్పకండి. తప్పనిసరివి ఏవో చెప్పండి, అంతే. మార్కులు చెప్తే ఎక్కువ మార్కులున్నదాని మీదే గంటంతా గడుస్తుంది.

మార్కులు వేసే పద్ధతి కూడా డెమోకి ముందే ఖాయం చేసుకోవాలి, చూశాక వేస్తే ఎవరు నవ్వుతూ మాట్లాడారో వాళ్ళకి పడతాయి. మేం పెట్టుకున్నది సున్నా నుంచి మూడు. అలాగే ఉన్నదున్నట్టు జరిగితే 3, ఏదో సెట్టింగు మారిస్తే జరిగితే 2, చుట్టుదారిలో జరిగితే 1, జరగకపోతే 0. "వచ్చే వెర్షన్‌లో వస్తుంది" అంటే 0. "మేం చేసి ఇస్తాం" అన్నా 0, అది నిజంగా కావాలనుకుంటే తేదీతో, ఛార్జితో కొటేషన్‌లో రాయించుకోవాలి, డెమో మార్కుల్లో కలపకూడదు. చూస్తున్న ముగ్గురం, బాబాయి, నేను, కౌంటర్ కుర్రాడు, ఒకరి కాగితం ఒకరం చూసుకోకుండా వేశాం. బ్యాచ్ మార్చే పనికి బాబాయి 3 వేస్తే కుర్రాడు 1 వేశాడు. ఎందుకురా అంటే, మౌస్ పట్టుకోవాల్సి వస్తోంది, సాయంత్రం ఆరింటికి పదిమంది నిలబడి ఉంటే మౌస్ వైపు చెయ్యి వెళ్ళేంత టైం ఉండదు అన్నాడు. ఆ సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. రోజూ వాడేవాళ్ళని కూర్చోబెట్టకుండా డెమో చూడకండి.

తప్పనిసరివాటిని మార్కుల్లో కలపకూడదని ఎందుకంటున్నానో కూడా చెప్తాను. మేం సరదాకి అన్నీ కలిపి వందకి వేసి చూశాం, రిటర్నుకి పది పెట్టి. పైన చెప్పిన రెడీ ఎంట్రీ సాఫ్ట్‌వేర్‌కి రిటర్నులో సున్నా వచ్చినా మిగతావన్నీ బాగుండి 82 వచ్చింది. రిటర్ను సరిగ్గా చేసిన ఇంకో సాఫ్ట్‌వేర్‌కి పదికి పది వచ్చినా, స్క్రీన్లు పాతకాలంవిగా ఉండి, నెట్ పోతే కొంచెం ఇబ్బంది పెట్టి, మొత్తం 80 దగ్గర ఆగింది. కూడికని నమ్మితే మళ్ళీ నోట్‌బుక్కు తెరవాల్సి వచ్చేది. అందుకే తప్పనిసరి పనికి అవును, కాదు అన్న రెండే జవాబులు, కాదు అయితే మిగతా మార్కులు లెక్కే పెట్టకూడదు.

డెమో జరుగుతున్నప్పుడు స్క్రీన్ మీద కనిపించే ఎడిషన్ పేరు, వెర్షన్ నంబర్ రాసుకోండి. పెద్ద ఎడిషన్ మీద చూపించి చిన్న ఎడిషన్‌కి ధర చెప్పడం జరుగుతుంటుంది, ఒక్కోసారి చూపించే మనిషికే ఆ తేడా తెలియదు. చాలాచోట్ల మన దగ్గరికి వచ్చేది కంపెనీవాళ్ళు కాదు, డీలర్లు. అతన్ని అడగాల్సింది వేరే, రాత్రి ఎనిమిదింటికి బిల్లు ఆగిపోతే ఫోన్ ఎత్తేది నువ్వా, కంపెనీయా, తెలుగో ఒడియానో మాట్లాడతారా అని. మా కుర్రాళ్ళకి హిందీ అంతంత మాత్రం, ఇంగ్లీషులో టికెట్ రాయడం అసలు కాదు.

ఈ మెయిల్ ఐదుగురికి పంపాం. ఒకరు జవాబే ఇవ్వలేదు. ఒకరు "మా స్టాండర్డ్ డెమో చూడండి, తర్వాత మీ డేటా చూద్దాం" అన్నారు. చిన్న కొట్టు కోసం ప్రత్యేకంగా తయారవడం వాళ్ళకి గిట్టుబాటు కాదు, అర్థం చేసుకోగలం, అందుకే "ఆరూ వద్దు, మొదటి మూడే, నలభై నిమిషాలు" అని తగ్గించి రాశాం, దానికీ రాలేదు. ఒకరు మాత్రం మూడో రోజు ఫోన్ చేసి, లైసెన్స్ గడువు దాటితే హెచ్చరిక వస్తుంది కానీ బిల్లు ఆగదు, ఆపేలా చేయడం ఇప్పుడు కుదరదు, అందుకని రావట్లేదు అని చెప్పారు. ఆయనకి థాంక్స్ చెప్పి నంబర్ దాచుకున్నాను. మిగిలింది ఇద్దరు, 82 ఒకరు, 80 ఒకరు.

80 వచ్చినవాళ్ళతో పదిహేను రోజుల ట్రయల్ పెట్టుకున్నాం. కొటేషన్ కింద మా ఆరు పనుల కాగితాన్ని జతచేయించి, "డెమోలో చూపించినవన్నీ ఈ ఎడిషన్‌లో ఉన్నాయి" అనే ఒక్క లైను రాయించి సంతకం తీసుకున్నాం. ట్రయల్ నాలుగో రోజు సోంపేట పార్టీ నుంచి నిజం రిటర్ను వచ్చింది, ఒకే పెట్టెలో రెండు పాత బిల్లుల సరుకు కలిసి, ఒకటి ఆగస్టుది, ఒకటి అక్టోబర్‌ది. కుర్రాడు బ్యాచ్ నంబర్ కొట్టగానే సాఫ్ట్‌వేర్ రెండు బిల్లులూ చూపించి ఏది కావాలో అడిగింది, ఆగస్టుదానికి 12, అక్టోబర్‌దానికి 5 వేసి రెండు క్రెడిట్ నోట్లు ఇచ్చింది. నోట్‌బుక్కులో పక్కన వేసి చూశాను, పైసాతో సహా కలిసింది.